సెలవుల్లో మీ ఫోను, మీ ఈమెయిలు రెండు భాషల్లో ఏం చెప్పాలి?

ప్రశ్న: నేనూ మావారూ కలిసి ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే చిన్న సంస్థ నడుపుతున్నాం. మా కస్టమర్లలో సగం మంది తెలుగువాళ్లు, మిగతా సగానికి తెలుగు రాదు, ఇంగ్లీషే. జూలై 12 నుంచి 16 వరకు సెలవు తీసుకుంటున్నాం. ఈమెయిలుకు ఆటో రిప్లైని ఇంగ్లీషులో రాసుకుని ఇలా తెలుగు చేశాను: "నేను ప్రస్తుతం కార్యాలయం వెలుపల ఉన్నాను. మీ సందేశం మాకు చాలా ముఖ్యమైనది. నేను 16 వరకు అందుబాటులో ఉండను. వీలైనంత త్వరగా మీ వద్దకు తిరిగి వస్తాను. అత్యవసరమైతే ఈ క్రింది నంబరును సంప్రదించగలరు. అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఇదే వాయిస్‌మెయిల్‌లో కూడా చదివి రికార్డు చేద్దామనుకున్నాను. మా అమ్మాయి చూసి "ఇది తెలుగులా లేదమ్మా" అంది. ఎక్కడ తప్పింది? ఫోన్లో రెండు భాషలూ ఎలా పెట్టాలి?

జవాబు: మీ అమ్మాయి సరిగ్గానే పట్టుకుంది. మాటలు కాస్త ఎబ్బెట్టుగా ఉండటమే సమస్య అయితే రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని. కానీ ఇందులో ఒక వాక్యం మీ కస్టమర్లను నిజంగానే ఇబ్బంది పెడుతుంది. ముందు దాని సంగతి చూద్దాం.

"మీ వద్దకు తిరిగి వస్తాను" అని రాశారు. ఇంగ్లీషులో ఆ మాటకు మళ్లీ ఫోన్ చేస్తామనో, జవాబిస్తామనో అర్థం. తెలుగులో మాత్రం మనిషి నడిచి ఇంటికి వస్తాడనే అర్థం. ఇంకో వ్యాపారమైతే చదివినవాళ్లు కాస్త తికమకపడి ఊరుకుంటారు. మీది ఇళ్లకు వెళ్లి చేసే పని. ఫ్రిజ్ ఆగిపోయినావిడ ఆ వాక్యం చదివితే, సెలవు అయిపోగానే మెకానిక్ వస్తాడనే అనుకుంటుంది. 17న ఇంకెక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే కూర్చుంటుంది. మీరేమో సాయంత్రం తీరిగ్గా ఫోన్ చేసి సమస్య ఏమిటని అడుగుతారు. అక్కడ మాట పట్టింపు వస్తే తప్పు ఆవిడది కాదు. ఆ వాక్యం తీసేసి "17వ తేదీ సాయంత్రంలోగా మేమే మీకు ఫోన్ చేస్తాం" అని రాయండి. "మేము" అనకుండా "మేమే" అనడం వల్ల, ఇక తాను మళ్లీ చేయనక్కర్లేదని కస్టమరుకు తెలుస్తుంది. "వీలైనంత త్వరగా" కన్నా ఒక గడువు పెట్టడం మేలు. గడువు తెలిసిన మనిషి నిశ్చింతగా ఉంటుంది, తెలియని మనిషి రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తుంది. అయితే ఆ గడువు మీరు నిలబెట్టుకోగలిగినదై ఉండాలి. అయిదు రోజుల కాల్స్‌కు ఒక్క రోజులో జవాబివ్వడం కష్టమనిపిస్తే "18 శనివారంలోగా" అనండి, ఎవరూ తప్పు పట్టరు.

తర్వాతిది "16 వరకు". సెలవు 16తో కలిపా, 16న తెరుస్తారా? మీ మనసులో స్పష్టంగానే ఉంది కానీ చదివేవాళ్లలో కొందరు అటూ కొందరు ఇటూ తీసుకుంటారు. ఇంగ్లీషులోనూ ఇదే చిక్కు ఉంది, కాబట్టి రెండు భాషల్లోనూ సరిచేయాలి. దీనికి మందు తేలిక. ఎప్పటిదాకా మూసి ఉంటుందో చెప్పి వదిలేయకుండా, ఎప్పుడు తెరుస్తారో వారంతో సహా చెప్పండి: "17వ తేదీ శుక్రవారం ఉదయం 10 గంటలకు మళ్లీ తెరుస్తాం." ఒకరికి తేదీ గుర్తుంటుంది, ఇంకొకరికి వారం గుర్తుంటుంది. రెండూ ఉంటే ఒకదాన్ని మరొకటి సరిచూస్తుంది. "వచ్చే శుక్రవారం", "ఎల్లుండి" లాంటి మాటలు మాత్రం పెట్టకండి. ఆటో రిప్లై మీరు రాసిన రోజున కాదు, కస్టమరు మెయిలు పంపిన రోజున వెళుతుంది. 12న చదివినవారికీ 16న చదివినవారికీ "వచ్చే శుక్రవారం" ఒకే రోజు అనిపించకపోవచ్చు.

ఈ రెండూ వాక్యం వెంట వాక్యం తెలుగు చేయడం వల్ల వచ్చిన చిక్కులే. ఇంగ్లీషు కాగితాన్ని పక్కన పెట్టేసి, మీ దుకాణం ముందు నిలబడి తలుపు మూసి ఉందేమని అడుగుతున్న మనిషికి మీరు నోటితో ఏం చెబుతారో అది రాయండి. "నేను ప్రస్తుతం కార్యాలయం వెలుపల ఉన్నాను" అని చెప్పరు కదా. అది వింటే గుమ్మం బయట నిలబడ్డారేమో, పిలిస్తే లోపలికి వస్తారేమో అన్నట్టుంటుంది. "మాకు సెలవండీ, శుక్రవారం తెరుస్తాం" అంటారు. తెలుగులో ఈ సందర్భానికి ఉన్న సిద్ధమైన మాట అదే.

ఇంకో సహజమైన మాట "ఊళ్లో లేము". నోటికి ముందుగా వచ్చేది అదే అయినా, దాన్ని మాత్రం రాయవద్దంటాను. ఆటో రిప్లై తెలిసినవాళ్లకే కాదు, మీకు మెయిలు పంపిన ప్రతి అపరిచితుడికీ వెళుతుంది. ఇంటి నుంచే సంస్థ నడిపేవాళ్లయితే ఇల్లు ఫలానా రోజు దాకా ఖాళీ అని చాటినట్టే అవుతుంది. "సంస్థకు సెలవు" అంటే చాలు, మీరెక్కడున్నారో ఎవరికీ అవసరం లేదు.

"మీ సందేశం మాకు చాలా ముఖ్యమైనది" అన్న వాక్యాన్ని నిస్సంకోచంగా కొట్టేయండి. ఇంగ్లీషులో అది మర్యాద కోసం అలవాటుగా వాడే మాట. తెలుగులో ఆ మర్యాద మొదట చెప్పే "నమస్కారం"లోనూ, "అండి"తో ముగిసే క్రియల్లోనూ ఉంటుంది, వేరే వాక్యం అక్కర్లేదు. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" కూడా అంతే. మైకులో వినిపించే ప్రకటనల్లో విని విని అది మనుషుల మాటలా వినిపించడం మానేసింది. క్షమాపణ చెప్పాలని మీకు మనస్ఫూర్తిగా ఉంటే చివర "ఆలస్యానికి మన్నించండి" అనండి.

"సంప్రదించగలరు" గురించి ఒక్క మాట. కార్యాలయాల ఉత్తరాల్లో "-గలరు"ను "దయచేసి చేయండి" అన్న అర్థంలో వాడతారు. మామూలు తెలుగులో దానికి "చేసే శక్తి ఉంది" అని అర్థం. అందువల్ల చదివినవాళ్లకు అది సూచనో సమాచారమో తేలదు. "ఫోన్ చేయండి" అనడంలో ఏ అమర్యాదా లేదు. "మీరు" రూపం వాడినంతసేపు గౌరవం ఉన్నట్టే. మరో చిన్న సంగతి: మీరు ఒక వాక్యంలో "నేను" అనీ, ఇంకో వాక్యంలో "మేము" అనీ రాశారు. ఇద్దరూ కలిసి నడుపుతున్నారు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా "మేము", "మా" అనే ఉంచండి.

ఇక "అత్యవసరమైతే". ఈ మాటలో ఎవరి కొలత వారిది. వాషింగ్ మెషీన్ తిరగకపోయినా ఒకరికి అత్యవసరమే, ఏసీ నుంచి పొగ వస్తున్నా ఇంకొకరు శుక్రవారం దాకా ఆగుదామనుకోవచ్చు. రెండోవాళ్ల కోసమే నాకు బెంగ. మీ వృత్తిలో ఏది ఆగకూడనిదో మీకు తెలుసు, దాన్ని పేరు పెట్టి చెప్పండి: కాలిన వాసన, పొగ, ముట్టుకుంటే షాక్. ముందుగా ఏం చేయాలో కూడా అక్కడే చెప్పండి: మెయిన్ స్విచ్ ఆపేయమని. ఆ తర్వాతే నంబరు ఇవ్వండి. సెలవుల్లో ఆ నంబరుకు జవాబిచ్చే మనిషికి తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చో లేదో ముందే చూసుకోండి. తెలుగులో చక్కగా సందేశం పెట్టి, అత్యవసర నంబరులో తెలుగు రాని మనిషిని కూర్చోబెడితే ఆ సందేశం ఉండీ లేనట్టే. రెండు భాషల సందేశాలు చూసినప్పుడు నాకు తరచూ కనిపించే లోపం కూడా ఇక్కడే ఉంటుంది. ఇంగ్లీషులో నంబరూ, గడువూ, సూచనలూ అన్నీ ఉంటాయి. తెలుగులో మాత్రం సెలవు అన్న ముక్క చెప్పి ముగించేస్తారు. ఇంగ్లీషు రానివాళ్లకే ఆ వివరాలు ఎక్కువ అవసరమని మరిచిపోకండి.

ఇవన్నీ కలిపితే మీ ఈమెయిలు తెలుగు భాగం ఇలా ఉంటుంది:

"నమస్కారం. మీ మెయిలు మాకు అందింది. జూలై 12 ఆదివారం నుంచి 16 గురువారం దాకా మా సంస్థకు సెలవు. 17వ తేదీ శుక్రవారం ఉదయం 10 గంటలకు మళ్లీ తెరుస్తాం. ఆ రోజు సాయంత్రంలోగా మేమే మీకు ఫోన్ చేస్తాం. మెయిలులో మీ ఫోన్ నంబరు రాయకపోయి ఉంటే దయచేసి మరో మెయిలులో పంపండి. మెషీన్ నుంచి పొగ గానీ కాలిన వాసన గానీ వస్తున్నా, ముట్టుకుంటే షాక్ కొడుతున్నా ముందు మెయిన్ స్విచ్ ఆపేయండి. తర్వాత ఈ నంబరుకు ఫోన్ చేయండి: (ఇక్కడ నంబరు). తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మాట్లాడతారు."

ఇప్పుడు ఇంగ్లీషు భాగాన్ని దీన్ని చూసి మళ్లీ రాయండి. మొదట రాసుకున్న ఇంగ్లీషు అలాగే కింద అతికించకండి. తెరిచే రోజు, ఫోన్ చేసే గడువు, ప్రమాదం వస్తే ఏం చేయాలి అన్న మూడూ రెండు భాషల్లో ఒకే వరసలో ఉంటే, రేపు తేదీ మారినప్పుడు ఒక్క చూపులో రెండుచోట్లా సరిచేయవచ్చు. వరస వేరువేరుగా ఉన్నప్పుడే ఒక భాషలో కొత్త తేదీ, ఇంకో భాషలో పాత తేదీ మిగిలిపోతుంది.

రెండు భాషలకు రెండు ఆటో రిప్లైలు పెట్టే మార్గం మామూలుగా ఉండదు. మెయిలు ఏ భాషలో వచ్చిందో ఆ సదుపాయం చూడదు, అందరికీ ఒకటే పంపుతుంది. కాబట్టి రెండూ ఒకే మెయిలులో ఒకదాని కింద ఒకటి ఉండాలి. పైన తెలుగు అక్షరాలు కనబడితే తెలుగు రానివాళ్లు ఇదేదో సంబంధం లేని మెయిలనుకుని మూసేసే ప్రమాదం ఉంది. అందుకే సబ్జెక్టును మీరే రాసుకునే వీలుంటే అందులోనే రెండు భాషలూ కనబడేలా చూడండి. ఫోన్ తెర మీద సబ్జెక్టులో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి కాబట్టి "ఆటో రిప్లై", "సెలవు ప్రకటన" అంటూ మొదలుపెట్టి చోటు వృథా చేయకుండా, తెరిచే తేదీతోనే మొదలుపెట్టండి:

```
17 శుక్రవారం తెరుస్తాం / Reopening Fri 17 July
```

మెయిలు మొదటి పంక్తిలో ఇంగ్లీషు కింద ఉందని ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి, తర్వాత తెలుగు, ఒక గీత, తర్వాత ఇంగ్లీషు పెట్టండి. వాక్యం విడిచి వాక్యం రెండు భాషలూ కలిపి రాయకండి. అలా రాస్తే ఎవరికీ తమ భాషలో ఒక్క ధారగా చదువుకునే వీలుండదు. తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయండి. కరపత్రాలు అచ్చువేయడానికి డీటీపీలో వాడే పాత ఫాంట్లతో రాసినది మెయిలులో అతికిస్తే అవతలి తెర మీద అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది. అక్షరాలను బొమ్మగా చేసి పెట్టడం కూడా వద్దు. బొమ్మలో ఉన్న నంబరును నొక్కి ఫోన్ చేయలేరు, బొమ్మలు తెరుచుకోని చోట ఏమీ కనబడదు.

మీరు వాడేది జీమెయిల్ అయితే `Vacation responder` గురించి రెండు విషయాలు తెలిసి ఉండాలి. ఒకే మనిషి వరసగా ఎన్ని మెయిళ్లు పంపినా ఆ జవాబు మామూలుగా ఒక్కసారే వెళుతుంది. నాలుగు రోజుల తర్వాత ఆయన మళ్లీ రాస్తేనే రెండోసారి వెళుతుంది. కాబట్టి మీ కస్టమరుకు మీ మాట చేరేది దాదాపుగా ఆ ఒక్కసారే. "వివరాలు తర్వాత తెలియజేస్తాం" అన్న మాటకు అందులో చోటు లేదు, చెప్పాల్సిందంతా అందులోనే ఉండాలి. రెండో విషయం, మధ్యలో మీరు సందేశాన్ని మారిస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఒకవేళ సెలవు 18 దాకా పొడిగించి తేదీ మార్చారనుకోండి. పాత సందేశం అందుకున్నవాళ్లు ఆ తర్వాత మరో మెయిలు పంపితేనే కొత్త తేదీ వాళ్లకు తెలుస్తుంది. పంపనివాళ్లు 17నే మీకోసం చూస్తారు. వాళ్లందరికీ మీరే విడిగా ఒక మెయిలు పంపాలి. ముగింపు తేదీగా 16 పెట్టండి. ఆ రోజు రాత్రి 11:59 దాకా జవాబులు వెళ్లి, తర్వాత వాటంతటవే ఆగిపోతాయి. ఔట్‌లుక్‌లోని `Automatic replies` అయితే పెట్టినప్పటి నుంచి ఒక్కో మనిషికి ఒక్కసారే పంపుతుంది. సంస్థ పేరు మీద తీసుకున్న ఖాతా అయితే అందులో సంస్థ లోపలివాళ్లకూ బయటివాళ్లకూ వేరువేరు పెట్టెలుంటాయి. కస్టమర్లకు వెళ్లేది బయటివాళ్ల పెట్టెలోది. లోపలి పెట్టె ఒక్కటే నింపి వదిలేస్తే కస్టమర్లకు మీ సందేశం చేరదు.

ఇక వాయిస్‌మెయిల్. ఈమెయిలులో రాసినదాన్నే చదివేద్దామనుకున్నారు, అలా చేయకండి. చదివేవాళ్లు కన్ను వెనక్కి తిప్పి తేదీని మళ్లీ చూసుకోగలరు. వినేవాళ్లకు ఆ అవకాశం లేదు. పైగా తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "జూలై పదిహేడవ తేదీ శుక్రవారం ఉదయం పది గంటల వరకు సెలవు కారణంగా మీ కాల్‌ను స్వీకరించలేకపోతున్నాము" అని ఒకే వాక్యంగా చదివితే, చివరి మాట వచ్చేదాకా ఆ తేదీన ఏం జరుగుతుందో వినేవాళ్లకు తెలియదు. తెలిసేసరికి తేదీ జారిపోయి ఉంటుంది. చెవి కోసం రాసేటప్పుడు వాక్యాలను తుంచాలి. ముందు విషయం, తర్వాత తేదీ: "ఇప్పుడు మాకు సెలవు. మళ్లీ శుక్రవారం తెరుస్తాం. జూలై పదిహేడు, శుక్రవారం, ఉదయం పది గంటలకు." మొదటి రెండూ విన్న మనిషి మూడో ముక్కను ఆత్రంగా పట్టుకుంటుంది.

ఫోన్‌లో ఏ భాష ముందు? మీ పరిస్థితిలో తెలుగే ముందు ఉండాలంటాను, అందుకు కారణం ఉంది. అవతల ఇంగ్లీషులో రికార్డు వినబడగానే ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఫోన్ కంపెనీ ప్రకటన అనుకుని పెట్టేస్తారు. తెలుగు వస్తుందని కాచుకుని ఉండరు. ఇంగ్లీషువాళ్లకైతే కాసేపట్లో మీ భాష వస్తుందని ముందే ఒక్క వాక్యం చెబితే ఆగుతారు. అందుకని మొదట సంస్థ పేరు, అది రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి సరైన నంబరుకే చేశామని అందరికీ తెలుస్తుంది. వెంటనే ఇంగ్లీషు తర్వాత వస్తుందని ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం. ఆ తర్వాత తెలుగు మొత్తం, ఒక క్షణం విరామం, ఇంగ్లీషు మొత్తం.

రెండు భాషల గ్రీటింగ్‌లో ఒక చిక్కు ఉంది, పెట్టి చూసేదాకా తట్టదు. "బీప్ శబ్దం తర్వాత మాట్లాడండి" అని తెలుగులో చెప్పి మీరు ఆపగానే ఇంగ్లీషు మొదలవుతుంది. తెలుగావిడ బీప్ వచ్చేసిందేమోననుకుని ఇంగ్లీషు మీదే తన పేరూ నంబరూ చెప్పడం మొదలుపెడుతుంది. చెప్పడం పూర్తయ్యేసరికి బీప్ మోగుతుంది, ఆవిడ చెప్పాల్సింది అయిపోయిందనుకుని ఫోన్ పెట్టేస్తుంది. మీ దగ్గర మిగిలేది రెండు సెకన్ల నిశ్శబ్దం. పేరూ ఉండదు, సమస్యా ఉండదు. వరసగా ఇలాంటి ఖాళీ సందేశాలు కనబడితే ఇదే కారణమేమో చూడండి. తెలుగు భాగంలో బీప్ ఎప్పుడొస్తుందో చెబితే ఇది తీరిపోతుంది. "సందేశాన్ని వదలండి" అనడమూ మానండి, మనం సందేశాలు వదలం, చెబుతాం. ఏం చెప్పాలో కూడా మీరే అడగండి. లేకపోతే చాలామంది "నేనేనమ్మా, ఒకసారి ఫోన్ చెయ్యండి" అని పెట్టేస్తారు.

తెలుగు భాగం ఇలా ఉండవచ్చు:

"నమస్కారం. ఇప్పుడు మాకు సెలవు. మళ్లీ శుక్రవారం తెరుస్తాం. జూలై పదిహేడు, శుక్రవారం, ఉదయం పది గంటలకు. మెషీన్ నుంచి పొగ గానీ కాలిన వాసన గానీ వస్తుంటే ముందు మెయిన్ స్విచ్ ఆపేయండి. తర్వాత ఈ నంబరుకు ఫోన్ చేయండి. (నంబరు.) మళ్లీ చెబుతున్నాను. (నంబరు.) ఇంకేదైనా పని అయితే మీ పేరు, ఫోన్ నంబరు, ఏ మెషీన్ పాడైందో చెప్పండి. శుక్రవారం సాయంత్రంలోగా మేమే ఫోన్ చేస్తాం. ఇప్పుడు ఇంగ్లీషులో చెబుతాం. అది అయ్యాక బీప్ వినిపిస్తుంది. అప్పుడు మాట్లాడండి."

ఈమెయిలులో ఉన్నవి కొన్ని ఇక్కడ లేవు, గమనించారు కదా. సెలవు ఏ రోజు మొదలైందో ఫోన్ చేసినవారికి అక్కర్లేదు, ఎప్పుడు తెరుస్తారో తెలిస్తే చాలు. నంబరు మాత్రం రెండుసార్లు ఉంది, ఎందుకంటే మొదటిసారికి ఎవరి చేతిలోనూ కలం ఉండదు. నంబర్లు చదివే తీరు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. తేదీ, గంట తెలుగులో చెప్పండి. ఫోన్ నంబరును మాత్రం తెలుగు భాగంలో కూడా నైన్, ఎయిట్ అంటూ ఒక్కొక్క అంకెగా చెప్పండి. మనవాళ్లలో ఎక్కువమంది ఫోన్ నంబర్లు చెప్పుకునేదీ రాసుకునేదీ అలాగే. తొమ్మిది, ఎనిమిది అని చెబితే మనసులో మార్చుకుంటూ రాసుకోవలసి వస్తుంది. మీ కస్టమర్లలో ఇంగ్లీషు అంకెలకు అలవాటుపడని పెద్దవాళ్లు ఎక్కువైతే ఒకసారి ఇంగ్లీషు అంకెల్లో, రెండోసారి తెలుగు అంకెల్లో చెప్పండి. ఎలా చెప్పినా మూడేసి, నాలుగేసి అంకెలకు ఒకసారి ఆగండి.

రికార్డు చేసేటప్పుడు కాగితం చూసి చదివినట్టు కాకుండా, ఎదురుగా ఒక మనిషిని ఊహించుకుని చెప్పండి. "తెరుస్తాము" అని రాసి ఉన్నా నోటికి "తెరుస్తాం" అనే రానివ్వండి. రెండు భాషలూ ఒకే గొంతుతో ఉంటే బాగుంటుంది. కానీ మీ ఇద్దరిలో ఒకరి తెలుగు, ఇంకొకరి ఇంగ్లీషు స్పష్టంగా ఉంటే చెరొకటి చెప్పండి, అందులో తప్పేమీ లేదు. మొత్తం ఒక నిమిషం లోపు ముగిసేలా చూడండి. కొన్ని వాయిస్‌మెయిల్ సర్వీసుల్లో గ్రీటింగ్‌కు నిడివి పరిమితి ఉంటుంది. అది దాటితే చివర కత్తిరిస్తుంది, అంటే తెగేది ఇంగ్లీషు భాగమే. మీ ఫోన్‌లోనే వింటే అది తెలియకపోవచ్చు. వేరే ఫోన్ నుంచి కాల్ చేసి బీప్ దాకా వినండి. నిడివి ఎక్కువైతే మర్యాద మాటలు ముందు తీసేయండి, నంబరును రెండోసారి చెప్పడం మాత్రం తీసేయకండి.

అన్నీ అయ్యాక మీ వ్యాపారంతో సంబంధం లేని ఇద్దరి చేత, ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో, ఫోన్ చేయించండి. ఒక్కసారే విననివ్వండి. ఎప్పుడు తెరుస్తారు, పొగ వస్తే ఏం చేయాలి, తిరిగి ఎవరు ఫోన్ చేస్తారు అని అడగండి. ఈ మూడింటికీ ఇద్దరూ ఒకే జవాబు చెబితే మీ సందేశం సిద్ధమైనట్టే. ఎక్కడ తడబడితే అక్కడి వాక్యాన్నే మార్చండి, మొత్తం తిరగరాయనక్కర్లేదు. మెయిలును కూడా మరో ఖాతా నుంచి మీకు మీరే పంపుకుని, వచ్చిన జవాబును ఫోన్ తెర మీద చూసుకోండి.

వాట్సాప్ బిజినెస్ కూడా వాడుతుంటే అందులో `Away message` ఉంటుంది. ఈమెయిలులోని తెలుగునూ ఇంగ్లీషునూ కాస్త కుదించి అక్కడా పెట్టి, అవే తేదీలకు షెడ్యూలు చేయండి. ఒకచోట 17 అనీ ఇంకోచోట 18 అనీ ఉంటే కస్టమరు దేన్నీ నమ్మరు.

ఈమెయిలు ఆటో రిప్లై దానంతటదే ఆగుతుంది గానీ, వాయిస్‌మెయిల్ గ్రీటింగ్ చాలాచోట్ల ఆగదు. 17 తర్వాత కూడా "శుక్రవారం తెరుస్తాం" అనే చెబుతూ ఉంటుంది. అందుకని సెలవు గ్రీటింగ్ రికార్డు చేసే రోజే తేదీలు లేని మామూలు గ్రీటింగ్ కూడా రెండు భాషల్లో రికార్డు చేసి పెట్టుకోండి. మీ సర్వీసులో రెండు గ్రీటింగ్‌లు దాచుకునే వీలుంటే 17 పొద్దున మార్చడం ఒక్క నిమిషం పని. వీలు లేకపోతే ఆ మాటలు కాగితం మీద రాసి ఫోన్ దగ్గర ఉంచుకోండి. ఆ రోజు సందేశాలు వినేటప్పుడు, తెర మీద అక్షరాలుగా కనిపించేదాన్ని బట్టి నిర్ణయించకండి. ఆ సదుపాయం ఇంగ్లీషుకు పెట్టి ఉంటే తెలుగు మాటలకు ఏవేవో రాస్తుంది. ప్రతి ఒక్కటీ చెవితో విని, పేరు పక్కన ఏ భాషలో మాట్లాడారో రాసుకోండి. ఫోన్ చేసినప్పుడు మొదటి మాట ఆ భాషలోనే మొదలుపెట్టవచ్చు.